శతకోటి ఘనపుటడుగులు

కొన్నేళ్ళ కిందట, కార్తీకం వెళ్ళిపోతున్న రోజుల్లో, మా మేనమామ ఫోన్ చేశాడు. ఆయనకు వనపర్తి జిల్లాలో, జూరాల ఎడమ కాలువ దాదాపు అయిపోయే చోట, నాలుగెకరాల పొలం ఉంది. యాసంగికి నారు పోయాలా వద్దా అన్నది ప్రశ్న. "పేపర్ల రాసిండ్రు అల్లుడూ. డ్యాంల ఇంక మూడు టీఎంసీలు వాడుకోవచ్చంట, కాల్వలకు ఏడొందల క్యూసెక్కులు ఇడుస్తరంట. ఎన్ని దినాలొస్తయో నీ కంప్యూటర్ల సూసి చెప్పు" అన్నాడు.

ఆఫీసు పని మధ్యలో ఉన్నాను. టీఎంసీ అంటే థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్ అని తెలుసు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు అనీ తెలుసు. మిలియన్ అంటే పది లక్షలు, కాబట్టి థౌజండ్ మిలియన్ అంటే పది కోట్లు అనుకున్నాను. రెండు నిమిషాల్లో స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేసి, "ఐదు రోజులే వస్తాయి మామా, పెట్టకు" అని చెప్పేశాను.

అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఐదు దినాలా? పోయినేడు గూడ గిన్నే నీళ్ళుండె. శివరాత్రి దాక పారింది. మల్లొక్కసారి సూడరాదూ" అన్నాడు.

మళ్ళీ చూశాను. థౌజండ్ మిలియన్ పది కోట్లు కాదు, వంద కోట్లు. ఒక సున్న మింగేశాను. సరైన లెక్కకు దాదాపు యాభై రోజులు వచ్చాయి. ఇంజనీరింగ్ చదివి, రోజూ అంకెలతోనే పనిచేసేవాణ్ణి నేను. ఆ తప్పును పట్టుకున్నది, కాలువ ఎన్నాళ్ళు పారిందో గుర్తుపెట్టుకున్న మనిషి.

ఇబ్బందిపడి ఆ సున్న ఎక్కడ జారిందో వెతికాను. అది చేతి పొరపాటు కాదు. లక్ష నుంచి కోటికి వెళ్ళాలంటే వందతో గుణించాలి. మన లెక్కలో వెయ్యి దాటాక ప్రతి మెట్టూ వంద ఎత్తు. ఇంగ్లీషు లెక్కలో ప్రతి మెట్టూ వెయ్యి ఎత్తు. 'పది లక్షలు' అని తెలుగులోకి రాగానే నా మనసు తెలుగు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఒక్క మెట్టెక్కి పది కోట్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కాల్సిందేమో ఇంగ్లీషు మెట్టు. మెట్ల ఎత్తుల్లో తేడా పదింతలు, జారిన సున్న అదే.

ఆ తర్వాత పాలమూరు వార్తలు చదివే తీరే మారిపోయింది నాకు. వానాకాలంలో ఏ పత్రికైనా చూడండి. వరద 'లక్ష క్యూసెక్కులు' అని లక్షల్లో ఉంటుంది. నిల్వ 'తొమ్మిది టీఎంసీలు' అని వెయ్యి మిలియన్లలో ఉంటుంది. ఆయకట్టు లక్షల ఎకరాల్లో, ఖర్చు కోట్ల రూపాయల్లో. ఒకే వార్తలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో, రెండు దేశాల లెక్కలు పక్కపక్కన నడుస్తుంటాయి. లక్ష పెద్దదా, తొమ్మిది పెద్దదా అంటే, చదివేవాళ్ళలో చాలామంది చెప్పలేరు. చెప్పలేకపోవడం వాళ్ళ తప్పు కాదు.

అసలీ 'వెయ్యి మిలియన్లు' అనే మాట మన నదుల మీదికి ఎలా వచ్చింది? ఇంగ్లీషులో వెయ్యి మిలియన్లకు బిలియన్ అని ఒక్క మాట ఉంది కదా, అది వాడొచ్చు కదా?

వాడలేని రోజులవి. మిలియన్ అన్న మాటకు మూలం ఇటాలియన్, అర్థం 'పెద్ద వెయ్యి'. దాని పైన ఏముండాలన్న విషయంలో యూరప్ ఒక్కమాట మీద లేదు. 1484లో నికొలా షుకే అనే ఫ్రెంచి గణితకారుడు రాసిన లెక్క ప్రకారం బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నలు. తర్వాతి కాలంలో ఫ్రాన్సులోనే కొందరు దాన్ని వెయ్యి మిలియన్లకు, అంటే తొమ్మిది సున్నలకు దించారు. అమెరికా ఆ తొమ్మిది సున్నల దారి పట్టింది. బ్రిటన్ పన్నెండు సున్నల దగ్గరే ఉండిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం తన లెక్కల్లో బిలియన్‌ను తొమ్మిది సున్నల అర్థంలోనే వాడుతుందని ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు చెప్పింది 1974 డిసెంబరులో.

మన నీటిపారుదల శాఖలు బ్రిటిష్ ఇంజనీర్ల చేతుల్లో పెరిగాయి. బిలియన్ ఘనపుటడుగులు అని రాస్తే లండన్‌లో చదివినవాడికి ఒక నీరు, న్యూయార్క్‌లో చదివినవాడికి మరో నీరు. రెంటికీ తేడా వెయ్యింతలు. థౌజండ్ మిలియన్ అంటే ఆ గొడవ లేదు. వెయ్యి ఎంతో, మిలియన్ ఎంతో అందరికీ తెలుసు. పొడుగ్గా ఉన్నా, ఎవరు చదివినా ఒకటే అర్థం. మన వివాదాల పత్రాలన్నీ ఆ మాటమీదే నడిచాయి. జస్టిస్ బచావత్ అధ్యక్షతన 1969లో ఏర్పడిన కృష్ణా ట్రిబ్యునల్ 1973లో ఇచ్చిన తీర్పులో, వందేళ్ళలో డెబ్బయ్యైదేళ్ళు నమ్మదగిన నీరు 2060 టీఎంసీలని తేల్చింది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. ఆ 800లోంచి జూరాలకు వచ్చింది 17.84. తీర్పు వచ్చేనాటికి బ్రిటన్ కూడా ఇంకా బిలియన్ అర్థం మార్చుకోలేదు. తర్వాత మార్చుకుంది, మనకు మాత్రం పాత జాగ్రత్త అలాగే ఉండిపోయింది. టీఎంసీ అన్న మూడక్షరాల్లో ఉన్నది, ఇప్పుడెవరికీ గుర్తులేని ఒక అనుమానం.

ఇంగ్లీషువాళ్ళ గందరగోళం అని నవ్వుకునే ముందు మన ఇల్లూ చూసుకోవాలి. మన దగ్గర పెద్ద సంఖ్యలకు పేర్లు కరువు కాదు, ఎక్కువైపోయాయి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఇరవైనాలుగు స్థానాలకు పేర్లు చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో మనకు దొరుకుతున్న తొలి గణితగ్రంథం అదే. మహావీరుడి వరస ఇలా నడుస్తుంది: ఏక, దశ, శత, సహస్ర, దశసహస్ర, లక్ష, దశలక్ష, కోటి, దశకోటి, శతకోటి, ఆ పైన అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, అలా మహాక్షోభం దాకా.

ఇక్కడ అర్బుదం దగ్గర ఆగండి. మహావీరుడి వరసలో అది పదకొండో స్థానం, అంటే ఒకటి పక్కన పది సున్నలు. అంతకు మూడొందల ఏళ్ళకు పైగా ముందు ఆర్యభటుడు చెప్పిన వరసలో కోటి తర్వాతి మెట్టే అర్బుదం, ఎనిమిది సున్నలు. అదే మాట నుంచి వచ్చిన హిందీ అరబ్‌కు ఇవాళ తొమ్మిది సున్నలు. ఒకే పేరుకు ఎనిమిది, తొమ్మిది, పది. బిలియన్‌కు పట్టిన గతే అర్బుదానికీ పట్టింది. లక్ష మీద, కోటి మీద మాత్రం సంతలో ఎప్పుడూ తగాదా రాలేదు. శిస్తు లక్షల్లో కట్టారు, కోటలు లక్షల్లో కట్టారు, కాబట్టి ఆ మాటలు రోజూ వాడకంలో అరిగి గట్టిపడ్డాయి. అర్బుదాలతో ఎవరికీ పని పడలేదు. పుస్తకంలోనే ఉండిపోయిన మాట, పుస్తకానికో అర్థంగా మిగిలింది.

అందుకని మనమేం చేశాం? సరిగ్గా ఇంగ్లీషువాళ్ళు చేసిందే చేశాం. నమ్మకమున్న రెండు మాటల్ని ఒకదానిపై ఒకటి పేర్చుకున్నాం. వాళ్ళు వెయ్యి మిలియన్లు అన్నారు, మనం వంద కోట్లు అన్నాం, వెయ్యి కోట్లు అన్నాం, లక్ష కోట్లు అన్నాం. రాష్ట్ర బడ్జెట్ లక్ష కోట్లు దాటినప్పుడు దాన్ని ఖర్వమనో పద్మమనో ఎవరూ అనలేదు, ఇక అనరు కూడా. 'లక్ష కోట్లు', 'టీఎంసీ' పుట్టింది ఒకే అవసరంలోంచి అని నాకనిపిస్తుంది. పై పేర్ల మీద నమ్మకం పోయినచోట, కింది పేర్లను గుణించుకోవడం.

మరో సంగతి. మహావీరుడి వరసలో తొమ్మిది సున్నలకు ఉన్న పేరు శతకోటి. అంటే ఒక టీఎంసీ కచ్చితంగా శతకోటి ఘనపుటడుగులు. శతకోటి అన్న మాట మనం మరిచిపోయింది కూడా కాదు. శతకోటి లింగాల్లో బోడిలింగం అంటాం, శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలు అంటాం. లెక్కకు మాత్రం పనికిరాదనుకుని దాన్ని సామెతల్లో వదిలేశాం. ఆ రోజు నేను 'థౌజండ్ మిలియన్' బదులు 'శతకోటి' అని గుర్తుపెట్టుకుని ఉంటే, సున్న జారేది కాదు.

ఈ రెండు లెక్కలు మొదటిసారి ఎదురుపడింది నదుల దగ్గర కాదు, డబ్బు దగ్గర. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన ఇంపీరియల్ గెజెటీర్‌లో గద్వాల సంస్థానానికీ, వనపర్తి సంస్థానానికీ విడివిడిగా వివరణలున్నాయి. నిజాంకు పేష్కష్ కట్టే సంస్థానాలవి. ఆ గెజెటీర్ సంపుటాల్లో ముందుమాట పక్కనే ఒక వివరణ వేశారు. హిందుస్థానంలో పెద్ద సంఖ్యల్ని మిలియన్లలో విడదీయరనీ, లక్షల్లో, కోట్లలో విడదీస్తారనీ, లక్షను 1,00,000 అని, కోటిని 1,00,00,000 అని రాస్తారనీ ఇంగ్లండ్ పాఠకుడికి ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాత పౌన్ల లెక్క చెప్పారు. 1873కు ముందు రూపాయి విలువ పౌనులో పదోవంతు, కాబట్టి కోటి రూపాయలంటే మిలియన్ పౌన్లని చదువుకోవచ్చు. 1899 తర్వాత పౌనుకు పదిహేను రూపాయలు, కాబట్టి అదే కోటి 6,66,667 పౌన్లు.

ఇందులో ఓ చిక్కుంది. కోటి అంటే పది మిలియన్లు. కానీ కోటి రూపాయలంటే ఒక మిలియన్ పౌన్లు. చాలా ఏళ్ళపాటు ఒక దొర మనసులో కోటికీ మిలియన్‌కూ సరిగ్గా జత కుదిరింది, మారకం రేటు పుణ్యమా అని. రూపాయి పడిపోగానే ఆ జత విడిపోయింది. సంఖ్య పేరునూ, విలువనూ కలిపి గుర్తుపెట్టుకుంటే వచ్చే ప్రమాదం ఇది. ఇప్పుడు డాలర్లలో జీతాల గురించి మాట్లాడుకునే మా స్నేహితుల్లోనూ ఇదే చూస్తుంటాను. 'మిలియన్ డాలర్లంటే ఎనిమిది కోట్లు' అని ఒకప్పుడు బట్టీపట్టినవాడు, మిలియన్ మందంటే ఎంతమందని అడిగితే ఒక్క క్షణం తడబడతాడు.

ఇక కామాల సంగతి. ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాబట్టి ఇది నాకు రోజూ కనబడే గొడవ. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో ప్రభుత్వం మంజూరు చేసిన మొత్తం 35,200 కోట్ల రూపాయలు. ఆ సంఖ్యను పూర్తిగా అంకెల్లో చూపమని బ్రౌజర్‌ను రెండు రకాలుగా అడిగితే ఇలా వస్తుంది:

```js
const r = 352000000000;
r.toLocaleString('en-US'); // 352,000,000,000
r.toLocaleString('te-IN'); // 3,52,00,00,00,000
```

మొదటిదాన్ని ఇంగ్లీషులో చదవడం తేలిక. కామా ఉన్నచోటల్లా ఒక పేరుంది: 352 బిలియన్. చూపూ మాటా ఒకే దారిలో వెళతాయి. రెండోదాన్ని తెలుగులో చదవండి. మన నోటికొచ్చేది ముప్పై అయిదు వేల రెండొందల కోట్లు. కానీ ఆ 35,200 కంటికి ఎక్కడా కనబడదు, 3,52,00 అని ముక్కలైపోయి ఉంటుంది. కారణం ఏమిటంటే, కోటి దాటాక కూడా కామాలు రెండేసి అంకెలకు పడుతూనే పోతాయి. ఆ కామాల దగ్గర ఒకప్పుడు అరబ్, ఖరబ్ లాంటి పేర్లుండేవి. తెలుగు నోట ఆ పేర్లు లేవు. మనం కోటి దగ్గర ఆగి, మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెడతాం. అంటే మన కామాలు ఎవరూ పలకని పేర్లకు గుర్తులు. ప్రభుత్వ పత్రాల్లో సున్నలన్నీ రాయకుండా '35,200 కోట్లు' అని రాసేది ఊరికే కాదు, అలా రాస్తేనే మనం పలికేదీ రాసేదీ ఒకటవుతుంది. మీ ప్రోగ్రామో, పట్టికో కోటి దాటిన సంఖ్యలు చూపాల్సివస్తే, పైన 'కోట్లలో' అని రాసి, కింద చిన్న సంఖ్యలు వేయడమే మేలు.

కామాల గురించే ఇంకొక్క మాట. మన కామాలు కుడి నుంచి మూడో అంకె తర్వాత, అయిదో అంకె తర్వాత, ఏడు, తొమ్మిది, ఇలా పడతాయి. వాళ్ళవి మూడు, ఆరు, తొమ్మిది. రెండూ వెయ్యి దగ్గర కలిసి, లక్ష దగ్గర విడిపోయి, మళ్ళీ తొమ్మిది దగ్గర కలుస్తాయి. 1,000,000,000 రాయండి, దాని కింద 1,00,00,00,000 రాయండి. మధ్యలో ఏమైనా కానీ, రెండింటిలోనూ మొదటి ఒకటి తర్వాత కామా ఉంటుంది. వెయ్యి తర్వాత ఈ రెండు పద్ధతులూ మళ్ళీ కలిసేది ఒక టీఎంసీ దగ్గరే. ఆ చోటుకు వాళ్ళు పెట్టుకున్న పేరు బిలియన్, దాన్ని చాలాకాలం నమ్మలేకపోయారు. మన పాతవాళ్ళు పెట్టిన పేరు శతకోటి, దాన్ని మనం లెక్కలోంచి తీసేశాం. ఆఖరికి ఆ కూడలికి మూడు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి.

ఇప్పుడు లక్ష పెద్దదా, తొమ్మిది పెద్దదా అన్నది చూద్దాం. జూరాల గద్వాలకు దగ్గరలో కృష్ణ మీద ఉంది, కుడి కాలువ గద్వాల వైపు, ఎడమ కాలువ వనపర్తి వైపు వెళతాయి. నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 318.516 మీటర్లు, నిల్వ 9.657 టీఎంసీలు. వరద లక్ష క్యూసెక్కులు వస్తోందనుకోండి. క్యూసెక్కు ప్రవాహం, టీఎంసీ నిల్వ. ఒకటి వేగం, ఒకటి మొత్తం. ఎంతసేపు అన్నది తెలియకుండా రెంటినీ పోల్చలేం. రోజుకు 86,400 సెకన్లు. లక్షను 86,400తో గుణిస్తే 864 కోట్లు. వంద కోట్లకో టీఎంసీ, కాబట్టి 8.64 టీఎంసీలు. ఇక్కడ చూడండి, కోట్లలో లెక్క వేసుకుంటే టీఎంసీలోకి రావడానికి రెండు స్థానాలు జరపడమే పని. అంటే లక్ష క్యూసెక్కుల వరద ఒక పగలూ ఒక రాత్రీ వస్తే చాలు, ఖాళీ జూరాల దాదాపు నిండిపోతుంది. మొత్తం నిండడానికి ఇరవయ్యేడు గంటలు. వరద రాగానే జూరాల గేట్లెత్తేశారన్న వార్త, నీళ్ళన్నీ వదిలేస్తున్నారన్న కోపం, రెండూ పక్కపక్కనే వింటుంటాం. ఈ లెక్క చేసుకున్నవాడికి గేట్లెందుకెత్తారో అర్థమవుతుంది. కోపం వస్తే అప్పుడు సరైనచోట వస్తుంది: ఇంత నదికి ఇంత చిన్న గిన్నె ఎందుకు కట్టుకున్నాం అని.

కిందికి, నాగర్‌కర్నూల్ జిల్లా అంచున ఉన్న శ్రీశైలానికి వెళదాం. 2009 అక్టోబరు మొదట్లో అలంపురాన్నీ కర్నూలునూ ముంచిన వరదలో శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం సుమారు 25 లక్షల క్యూసెక్కులకు చేరింది. లక్షకు రోజుకు 8.64 అయితే, 25 లక్షలకు 216 టీఎంసీలు. శ్రీశైలం మొత్తం నిల్వ సుమారు 216 టీఎంసీలు. ఆ వేగం రోజంతా నిలబడితే, అడుగంటిన శ్రీశైలం ఒక్కరోజులో నిండిపోయేది. '25 లక్షలు' అని చదివినప్పుడు నాకు కలగని భయం, రెండు సంఖ్యల్నీ ఒకే కొలతలోకి తెచ్చినప్పుడు కలిగింది.

చివరిగా ఎకరాలు. 'ఇన్ని టీఎంసీలు, ఇన్ని లక్షల ఎకరాలు' అన్నప్పుడు ఆ మాట నిలబడుతుందో లేదో చూసే దారి ఒకటుంది. ఎకరం నేలమీద ఒక అడుగు లోతు నీళ్ళు నిలబెడితే అది 43,560 ఘనపుటడుగులు. వంద కోట్లను దానితో భాగిస్తే సుమారు 22,957. అంటే ఒక టీఎంసీ ఉంటే 23 వేల ఎకరాల మీద అడుగు నీరు నిలబడుతుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే చాలు. జూరాలకు 17.84 టీఎంసీలు, ఆయకట్టు 1.02 లక్షల ఎకరాలు. గుణించి భాగిస్తే ఎకరానికి నాలుగడుగుల నీరు. ఆవిరయ్యేది, కాలువలో ఇంకిపోయేది పోగా వరి ఊసెత్తగల లెక్క అది. పాలమూరు–రంగారెడ్డికి 90 టీఎంసీలు, 12.3 లక్షల ఎకరాలు అని చెబుతూ వచ్చారు. అదే లెక్కకు ఎకరానికి 1.7 అడుగులు, అందులోంచే తాగునీరూ పోవాలి. ఇది ఆరుతడి పంటల లెక్క, వరి లెక్క కాదు. 90 పెద్దదే, 12.3 లక్షలు ఇంకా పెద్దవి. కానీ ఒకటి వెయ్యి మిలియన్లలో, మరొకటి లక్షల్లో ఉన్నంతకాలం ఈ రెంటి మధ్య సంబంధం ఎవరికీ కనబడదు. ఏ పంట పెట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ సంబంధంలోనే ఉంది.

అదే ప్రాజెక్టు గురించి, వరద ఉన్న అరవై రోజుల్లో 90 టీఎంసీలు ఎత్తుతామన్నారు. రోజుకు ఒకటిన్నర. ఒక టీఎంసీ ఒక్కరోజులో పోవాలంటే 11,574 క్యూసెక్కులు కావాలి, కాబట్టి ఒకటిన్నరకు 17,361. లక్షల్లో వరద వచ్చే నదిలోంచి ఆ రోజుల్లో పదిహేడు వేలు తీసుకోవడం పెద్ద వాటా ఏమీ కాదు. మరి కష్టం ఎక్కడంటే, నదిలో అంత వరద అరవై రోజులు ఉంటుందా అన్నచోట. ఒక సంఖ్యను తర్జుమా చేస్తే జవాబు రాకపోవచ్చు, అడగాల్సిన ప్రశ్న మాత్రం బయటపడుతుంది.

సున్న జారితే పట్టుకోవడం ఎలా? నేనిప్పుడు పాటించేది ఒకటే. లెక్క మధ్యలో మెట్లు మార్చను. ఇంగ్లీషు మాట రాగానే మొత్తాన్ని కోట్లలోకి తెచ్చేస్తాను: మిలియన్ అంటే కోటిలో పదోవంతు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఆ తర్వాత ఇంగ్లీషు పేరు తలవను. జవాబు వచ్చాక దాన్ని రోజుల్లోకో, అడుగుల్లోకో, ఒక మనిషి కంటితో చూసి ఉండగల కొలతలోకి మారుస్తాను. పదింతల తప్పు కాగితం మీద కనబడదు. 'అయిదు రోజులు' అన్నప్పుడు, కాలువ గట్టు మీద నిలబడ్డవాడికి వెంటనే కనబడుతుంది.

ఆ ఏడు మామ నాలుగెకరాలకూ నారు పోయలేదు. నేను దిద్దిన యాభై రోజుల లెక్క చెబితే, కాసేపు మనసులో ఏదో కూడుకుని, "వరికి సాలవు. యాభై దినాలంటే రెండెకరాలు పల్లి ఏస్త, మిగిలింది ఇడుస్త" అన్నాడు. కాలువ నలభై ఏడు రోజులు పారింది. ఆయన లెక్కపెట్టాడు.